ఊద్ కింద వాసన

మా ఇంట్లో అందరి ముక్కూ ఒక ఎత్తు, నా ముక్కు ఒక ఎత్తు. రాయచూరు బజారులో మాకు అత్తరు దుకాణం ఉంది. అత్తరు, అగరబత్తి, సాంబ్రాణి, పచ్చకర్పూరం అమ్ముతాం. పెళ్ళై వచ్చిన కొత్తలో మా మామగారు నా కళ్ళకు గుడ్డ కట్టి సీసాలు ముందు పెడితే ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాను. గంధం అత్తరులో చౌక నూనె కలిపి మోసం చేసిన సరుకును మూత తీసీ తీయగానే వెనక్కి పంపించాను. కోపం కూడా నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ రెండూ తలుచుకుని నేను చాలా ఏళ్ళు గర్వపడ్డాను. నా కూతురి మొహం చూసినప్పుడల్లా ఇప్పుడు ఆ గర్వం గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నా కూతురికి మూడేళ్ళప్పుడు జలుబు చేసి, జ్వరం వచ్చి, ఎడమ చెవి నుంచి మొదటిసారి చీము కారింది. కారగానే నొప్పి తగ్గి నిద్రపోయింది. మేమూ నిద్రపోయాం. తరువాత ప్రతి వానాకాలం ఆ చెవి కారేది. మాన్వి దగ్గర మా పుట్టింటికి వెళ్ళి పిల్లలతో కాలువలో దిగితే చాలు, వారం తిరక్కుండా కారేది. తీగలా సాగే తెల్లటి చీము. వాసన ఉండేది కాదు. మా అత్తగారు కొంగుతో తుడిచి, "కారనియ్యి. కారే చెవి మంచిది. లోపలనే ఆగితే తలకెక్కుతది" అనేది. ఆమె పెంచిన ఆరుగురిలో ఇద్దరికి చెవులు కారేవట. ఇద్దరూ బతికే ఉన్నారట. బతికి ఉండడమే లెక్కైతే మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ రానట్టే.

బడిలో టీచరు, పిల్ల వెనక నుంచి పిలిస్తే పలకడం లేదని కబురు పంపింది. అప్పుడు పెద్దాస్పత్రిలో చెవి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పిల్లకు అప్పటికి ఆరేళ్ళు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, చెవి పర్దాకు పెద్ద బెజ్జం ఉందని, అది ఏళ్ళ నాటిదని చెప్పింది. ఆమె మాట్లాడింది కన్నడం. రాయచూరులో ఎవరు ఏ భాషలో అడిగినా ఇంకొకరు ఇంకో భాషలో బదులిస్తారు కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. నీళ్ళు పోకూడదంది. తలకు పోసేటప్పుడు వాజలీను రాసిన దూది చెవికి అడ్డం పెట్టి, స్నానం కాగానే తీసెయ్యమంది. కారితే శుభ్రమైన దూదితో తుడిచి చుక్కలు వెయ్యమంది. నూనె ముట్టించవద్దంది. చెవి కొన్ని నెలలు పొడిగా ఉంటే, పిల్ల కొంచెం పెద్దయ్యాక, పర్దా అతికే ఆపరేషన్ చేస్తామంది. అంతవరకు మూడు నెలలకొకసారి చూపించమంది.

చివర్లో ఒక కాగితం ఇచ్చి వేలితో చూపిస్తూ చదివింది. చెడు వాసన వచ్చినా, రక్తం పడినా, తల తిరిగినా, జ్వరంతో తల పగిలేలా నొప్పి వచ్చినా, మూతి ఒక పక్కకు పోయినా అదే రోజు రావాలి. నేను తల ఊపాను. కాగితాన్ని ఇంట్లో దేవుడి అల్మారాలో పెట్టాను. కన్నడం నాకు చదవడం వచ్చు. రాదని చెప్పుకునే వీలు కూడా లేదు.

చుక్కలు వేస్తే నెలలో చెవి ఆరింది. ఆరిన చెవిని మళ్ళీ ఆస్పత్రికి ఎందుకు మోసుకెళ్ళాలి అన్నాడు మా ఆయన. ఆపరేషన్ మాట ఎత్తితే, ఆడపిల్ల చెవి వెనక కోత పడుతుందని ముఖం ముడుచుకున్నాడు. మా అత్తగారు తలకెక్కే కథ మళ్ళీ చెప్పింది. నేను ఎవరితోనూ వాదించలేదు. దుకాణం వదిలి ఆస్పత్రి బెంచీ మీద కూర్చోవడం నాకూ ఇష్టం లేదు. తప్పంతా వాళ్ళ మీద తోసేస్తే నాకు బాగానే ఉంటుంది కాని, అది నిజం కాదు.

పిల్లకు తొమ్మిదేళ్ళు నిండి బడి తెరిచిన రోజుల్లో చెవి మళ్ళీ మొదలైంది. ఈసారి పోయేది కొంచెమే. దూది కొసకు అంటుకునేంత. పోనీలే, తగ్గుతోంది అనుకున్నాం. కాని వాసన వచ్చింది. ఎలకపిల్ల పెట్టె వెనక చచ్చి మూడో రోజుకు వచ్చే వాసన. ఆ ఇంట్లో మొదట పసిగట్టింది నేనే. మా ఆయనకూ అత్తగారికీ ఏమీ తెలియలేదు, జడ వేస్తుంటే నాకు తెలిసింది. దేవుడి అల్మారాలో కాగితం ఉందని కూడా ఆ క్షణమే గుర్తొచ్చింది.

నేను ఆస్పత్రికి పోలేదు. గులాబ్ అత్తరు సీసా తీశాను.

మా వైపు అత్తరు పెట్టుకునే పద్ధతి ఒకటుంది. చిన్న దూది ముద్దను అత్తరులో అద్ది, చెవి పైమడతలో దోపుకుంటారు. దాన్ని ఫాయా అంటారు. పెళ్ళిళ్ళకూ పండుగలకూ ముసలివాళ్ళు అట్లా పెట్టుకుని వస్తే వాళ్ళు వెళ్ళిపోయాక కూడా వసారాలో వాసన నిలిచి ఉంటుంది. పైమడతలో పెట్టేది అది. నేను కిందికి, చెవి లోపలికి తోశాను. డాక్టరమ్మే దూది పెట్టమంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె స్నానమప్పుడు మాత్రం పెట్టి తీసెయ్యమంది. నేను పొద్దున బడికి పోయేటప్పుడు కుక్కి, సాయంత్రం మార్చేదాన్ని. గులాబీ వాసనతో నా కూతురు బడికి వెళ్ళేది. నాకు పెద్ద తెలివి చేసినట్టే ఉండేది.

దసరా నాటికి గులాబ్ ఓడిపోయింది. పక్క బెంచీ అమ్మాయిలు జరిగి కూర్చుంటున్నారని పిల్ల చెప్పింది. "నువ్వే దూరంగ కూసో. ఎవరి మొహం దగ్గరికి పోయి మాట్లాడకు" అన్నాను. నా కూతురికి నేను నేర్పిన మర్యాద అది. ఇంట్లో దాని దిండుగలీబులు వేరుగా ఉతికించాను. పూజలో వెనక కూర్చోబెట్టాను. ఇంకా ఘాటైన హీనా అత్తరుకు మారాను. చలికాలం వచ్చేసరికి హీనా కూడా చాలలేదు. అప్పుడు ఊద్ తీశాను. ఊద్ అంటే అగరుచెక్క అత్తరు, మా దుకాణంలో అన్నిటికంటే ఖరీదైన సరుకు. దాని ముందు ఇంకే వాసనా తల ఎత్తదు. పిల్ల చెవికి ఊద్ పెడుతున్నావా అని మా ఆయన ఆశ్చర్యపోయాడు. కూతురంటే ఎంత ప్రేమ అనుకున్నాడు పాపం.

"అమ్మా, తల నొస్తుంది" అనేది పిల్ల. ఫోను చూడడం తగ్గించమన్నాను. "లేచి నిలబడితే తిరుగుతున్నట్టయితది" అంది ఇంకోరోజు. పొద్దున సరిగ్గా తిని చావమన్నాను.

మా మామగారి కాలం నుంచీ మా దగ్గర కొనే ఒక ముసలాయన ఉండేవాడు. మేమంతా చాచా అనేవాళ్ళం. అత్తరు విషయంలో నాతో పందెం వేసి గెలవగలిగింది ఆయన ఒక్కడే. ఆ చలికాలం ఒక సాయంత్రం పిల్ల దుకాణంలో కూర్చుని ఆయన మణికట్టుకు నమూనా రాస్తోంది. ఆయన వంగి మణికట్టు వాసన చూశాడు. తరువాత పిల్ల వైపు తిరిగి మళ్ళీ చూశాడు.

"బేటీ," అన్నాడు నాతో మెల్లగా, "ఊద్ మంచిగుంది. దాని కింద ఏందో కుళ్ళుతున్నది. పిల్లకు చెవి సూపియ్యి."

పక్కన ఇద్దరు గిరాకీలు ఉన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. "చాచా, మీకు వయసైంది. ముక్కు పోయినట్టుంది" అన్నాను, నవ్వుతూ.

"నా ముక్కు పోతే పోనియ్యి. నీది ఉన్నది గదా" అన్నాడు ఆయన. తన సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

మంచి మాట చెప్పినవాడి మీద వచ్చినంత కోపం చెడ్డ చేసినవాడి మీద రాదు. ఆ రాత్రి అన్నం తింటూ ఆయన్ని ఇంటిల్లిపాదికీ వినిపించేలా తిట్టాను. ముసలాడికి చాదస్తం, పసిపిల్లను నలుగురిలో నవ్వులపాలు చేశాడు అన్నాను. పిల్ల తలవంచుకుని విన్నది. నన్ను నమ్మింది. ఆయన వస్తే మొహం తిప్పుకోవడం నేర్చుకుంది.

రంజాను నెలలో మా దుకాణంలో కాలు పెట్టడానికి చోటు ఉండదు. పండుగ ఇంకో వారం ఉందనగా ఒక సాయంత్రం చాచా వచ్చాడు. పిల్ల గల్లా పక్కన కూర్చుని సీసాలకు చీటీలు అతికిస్తోంది. రెండు రోజులుగా నీరసంగా ఉంది. నీళ్ళు తాగుతుంటే పక్క నుంచి కారి గౌను తడుపుకుంటోంది. అది కూడా గారాబమే అనుకున్నాను.

చాచా పిల్లను చూసి, "ఎట్లున్నవ్ బేటీ?" అన్నాడు.

పిల్ల తలెత్తి నవ్వింది. మూతి కుడిపక్కకు లాగేసింది. కుడి కన్ను ముడుచుకుంది, ఎడమ కన్ను తెరిచే ఉంది. నోరు వంకర పెట్టి, ఒంటికన్ను మూసి, పెద్దమనిషిని వెక్కిరిస్తోంది. నాకు అట్లాగే కనిపించింది. దుకాణం నిండా జనం ఉన్నారు. అప్పుడే ఒకామె బేరం తెగక సణుగుతోంది. "ఏందే ఆ మూతి? సక్కగ నవ్వు" అన్నాను. పిల్ల చక్కగానే నవ్వబోయింది. మూతి ఇంకా వంకరపోయింది.

కొట్టాను. ఎదురుగా ఉంది కాబట్టి నా కుడిచెయ్యి దాని ఎడమ చెంప మీద పడింది.

దూది ఊడి గల్లా బల్ల మీద పడింది. ఒకవైపు నల్లగా, ఒకవైపు ఎర్రగా ఉంది. ఊద్ అంతా ఎటు పోయిందో, మిగిలిన వాసన దుకాణమంతా నిండింది. సణిగే ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను రెండోసారి చెయ్యెత్తితే చాచా నా మణికట్టు పట్టుకున్నాడు. అంతకు ముందెప్పుడూ ఆయన చెయ్యి నాకు తగలలేదు.

"మారో నక్కో," అన్నాడు. "కొట్టకమ్మా. ఈ పిల్ల ఆట చేస్తలేదు. ఆ పక్క మొహం పడిపోయింది. సూడు."

చూశాను. చెంప దెబ్బకు ఏడుస్తోంది. సగం మొహమే ఏడుస్తోంది. ఎడమ సగం గోడలా ఊరికే ఉంది. ఆ కంట్లోంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. రెప్ప పడడం లేదు.

మర్నాడు కాదు, ఆ పూటే పెద్దాస్పత్రిలో చేర్చుకున్నారు. డాక్టరమ్మ ఆవిడే. చెవిలో మిగిలిన దూది పోగులు పటకారుతో తీసి, చీము పీల్చి, సూక్ష్మదర్శిని కింద చాలాసేపు చూసింది. చెవి ముందున్న చిన్న బొడిపెను వేలితో నొక్కితే పిల్ల కళ్ళు పక్కకు ఊగాయి, వాంతి చేసుకుంది. స్కాను తీయించారు. పర్దా బెజ్జం అంచు దాకా వెళ్ళిందట. అక్కడి నుంచి చర్మం లోపలికి పెరిగి సంచిలా తయారైందట. ఆ సంచి చుట్టూ ఉన్న ఎముకను తింటుందట. వినిపించే చిన్న ఎముకలను తినేసింది. తల తిరగకుండా కాపాడే గొట్టం గోడను కొరికింది. మొహాన్ని కదిలించే నరం మీది పెంకును తినేసింది. మెదడుకూ చెవికీ మధ్యన ఉన్న ఎముక పలచబడింది గాని, ఇంకా తెగలేదు.

"అది తెగితే మెదడులో చీము పడుతుంది. పిల్లలు పోతారు" అంది. మెత్తగా చెప్పే ప్రయత్నం చెయ్యలేదు. నాకు మెత్తగా చెప్పాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదనుకుంటాను.

తరువాత కేసు కాగితం ముందుకు లాక్కుని, "వాసన ఎప్పటి నుంచి?" అంది.

"వాసన లేదు మేడం. మాకు తెలియలేదు" అన్నాను. మా ఆయన పక్కన నిలబడి తల ఊపాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

డాక్టరమ్మ ట్రేలో ఉన్న దూది వైపు చూసింది. నా వైపు చూసింది. లేచి వెళ్ళి పిల్ల కుడిచెవి దగ్గర వంగి, ఈసారి తెలుగులో అడిగింది. "చెవి వాసన ఎప్పటి సంది వస్తున్నదమ్మా?"

నేను అబద్ధం చెప్పానని పిల్లకు తెలియదు. నేను చెప్పింది దానికి వినపడలేదు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "బడి మొదలైనప్పుడు కొంచెం వస్తుండె. అప్పుడు అమ్మ గులాబ్ పెట్టింది. దసరాకు ఎక్కువైంది. అప్పుడు హీనా పెట్టింది. చలికాలంల ఇంక ఎక్కువైంది. అప్పటి సంది ఊద్ పెడుతున్నది." సగం మూతితో, "ఊద్ మస్తు మంచిది. అందరికి ఇయ్యరు" అంది.

డాక్టరమ్మ రాసుకుంది. గులాబ్, హీనా, ఊద్ అని రాయలేదనుకుంటాను. నెలలు లెక్కగట్టి రాసి ఉంటుంది. కలం కాగితం మీద కదిలినంతసేపూ మా ఆయన నన్నే చూస్తున్నాడు. పెళ్ళైన పదిహేనేళ్ళలో నేను తల దించుకున్నది ఆ ఒక్కసారే.

"అత్తరు వల్లనే ఇట్లయిందా?" అని అడిగాను. అవునని అంటే ఏడ్చి తేలిక పడదామని ఆశ.

"కాదు," అంది. "అత్తరు ఎముకను తినదు. ఆ సంచి ఎట్లాగైనా పెరిగేది. అత్తరు పెట్టకుండా ఉంటే ఆ కంపు భరించలేక మొదటి నెలలోనే మీరు పరుగెత్తుకు వచ్చేవాళ్ళు. అప్పటికి నరం దాకా పోయి ఉండేది కాదు."

సంతకానికి ఆపరేషన్ కాగితాలు ముందుకు జరిపింది. తిట్టి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. నా నోటి సంగతి బజారంతటికీ తెలుసు.

సెలైను గొట్టంలో మందులు ఎక్కించి, మూడో రోజు ఆపరేషన్ చేశారు. చెవి వెనక కోసి, ఎముకను తొలిచి, సంచిని తీసేశారు. నరం మీద ఒత్తిడి లేకుండా చేశారు. ప్రాణానికి గండం తప్పింది. ఆ చెవి వినికిడి పోయింది. ఎముకలో తొలిచిన గుంట జన్మంతా ఉంటుంది, ఆరునెలలకొకసారి శుభ్రం చేయించాలి, సంచి మళ్ళీ పెరగొచ్చు కాబట్టి కనిపెట్టి ఉండాలి అన్నారు. మొహం నెలల మీద కొంచెం కొంచెం తిరిగి వచ్చింది. మూతి చాలావరకు సర్దుకుంది. ఎడమ కన్ను మాత్రం పూర్తిగా మూతపడదు. పడుకునేటప్పుడు మందు వేసి రెప్పను టేపుతో అంటించాలి. మా ఆయన భయపడిన కోత చెవి వెనక జుట్టులో కలిసిపోయింది. వెతికినా కనిపించదు.

మా అత్తగారు బజారులో అందరికీ దిష్టి తగిలిందని చెప్పింది. నేను ఖండించలేదు. పండుగ తరువాత చాచా ఇంటికి మిఠాయి పంపితే తీసుకుని ఆశీర్వదించాడట. దుకాణానికి మాత్రం రాలేదు. ఇప్పుడు ఎక్కడ కొంటున్నాడో కనుక్కునే ధైర్యం నాకు లేదు.

పిల్లకు ఇప్పుడు పదమూడేళ్ళు. ఎవరైనా ఫోటో తీస్తామంటే కుడి పక్క మాత్రమే కనిపించేలా తిరిగి నిలబడుతుంది. నవ్వమంటే నవ్వదు. నేను అడిగి ఆ నవ్వుకు ఒకసారి బహుమతి ఇచ్చాను కదా.

పోయినసారి చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ గుంట శుభ్రం చేసి, బాగుందని చెప్పి, నా వైపు తిరిగింది. "మీ ముక్కు మంచిదని మీ ఆయన చెప్పారు. వారానికొకసారి వాసన చూడండి. కొంచెం తేడా అనిపించినా తీసుకురండి" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా నేను అడగదగిన దాన్ని కాదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం దుకాణం తెరిచే ముందు పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెడతాను. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంటాను, అత్తరు లేకుండా. జుట్టు పక్కకు తీయడానికి చెయ్యి ఎత్తుతాను. అది చెవిదాకా రాకముందే పిల్ల నా మణికట్టు పట్టుకుంటుంది, ఒక్క క్షణం, చాచా పట్టుకున్నట్టే. తరువాత వదిలేస్తుంది. చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాను. అంతసేపూ అది కదలకుండా కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. కుడి కన్ను మూతపడుతుంది. ఎడమ కన్ను సగం తెరిచే ఉండి, నేను పని ముగించేదాకా నన్ను చూస్తూ ఉంటుంది.